డెబ్భై మూడు ఎటు పోతుంది?

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుందని జీతాల కాగితానికి తప్ప స్టేషన్లో ఎవరికీ గుర్తులేదు. టీ కొట్టువాడి దగ్గర్నుంచి స్టేషన్ మాస్టరు దాకా అందరికీ ఆయన ఐదంకెలే. ఇరవయ్యారేళ్లుగా ఎంక్వైరీ కిటికీ వెనక అదే కుర్చీలో కూర్చుని, రైలు నంబరు చెబితే చాలు, ఆ రైలు పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పే మనిషి. కాలెండరులో పెళ్లిరోజు మర్చిపోయినా సరే, రైలు నంబరులో అంకె మర్చిపోయిన పాపాన పోలేదు.

చిక్కేమిటంటే, అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకోడు. పాఠం చెబుతాడు. తొమ్మిదింటి బండి ఎప్పుడొస్తుందని అడిగిన పాపానికి ఎవరైనా సరే మొదటి అంకె నుంచి వినాల్సిందే.

"మొదటి అంకె జాతి అండీ. సున్నా అయితే స్పెషల్. ఒకటో రెండో అయితే దూరం పోయే మెయిలూ ఎక్స్‌ప్రెస్సూ. ఐదయితే ప్యాసింజరు, దారిలో ప్రతి ఊరినీ పలకరించి కానీ కదలదు. రెండో అంకె ఇల్లు. అంటే ఏ జోన్ బండో చెబుతుంది. ఏడు ఉంటే మనింటి బండి. ఒకటి పక్కన రెండు ఉంటే మాత్రం సూపర్‌ఫాస్ట్, టికెట్టు మీద అదనంగా ఛార్జీ కట్టాలి. అప్పుడు ఇల్లు మూడో అంకెలో చూసుకోవాలి. ఇక చివరి అంకె దిక్కు. బేసి అయితే డౌన్, సరి అయితే అప్."

"డౌన్ అంటే పల్లంలోకా బాబూ?" అని ఒక ముసలావిడ అడిగింది ఒకసారి.

"పల్లమూ మెరకా కాదమ్మా. మన హెడ్డాఫీసు వైపు పోయేది అప్. హెడ్డాఫీసుకి దూరంగా పోయేది డౌన్. కొండెక్కుతూ పోయినా సరే, డౌన్ డౌనే."

ఆ ముసలావిడ బండి ఆ పాఠంలోనే వెళ్లిపోయిందని అంటారు. అది అబద్ధమని ఐదంకెలు వాదన. ఆయన భార్యకు మాత్రం ఈ సిద్ధాంతం మీద వేరే కోపం ఉంది. ఆమె పుట్టిల్లు సముద్రం వైపు. పెళ్లయిన కొత్తలో పుట్టింటికి పోతానంటే, "సరే, రేపు డౌన్‌లో పో" అన్నాడట. మా వాళ్లు కిందవాళ్లా అని ఆమె మూడ్రోజులు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది కానీ, ఆ మాట ఇప్పటికీ అప్పుడప్పుడు వడ్డిస్తూనే ఉంటుంది.

పోయిన నెల హెడ్డాఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. కెరటం ఎక్స్‌ప్రెస్‌ను అవతలి జోన్‌కి అప్పగించారు. ఇకమీదట దాని బోగీలు కడగడం, బాగుచేయడం, పంపించడం అన్నీ సముద్రం దగ్గరున్న వాళ్ల డిపోలోనే. కాబట్టి ఒకటో తారీఖు నుంచి 17873, 17874 నంబర్లు పోయి 18873, 18874 వస్తాయి. ఐదంకెలు ఆ కాగితంలో మొదటి రెండు వాక్యాలు చదివి, "ఇంతేనా! ఏడు పోయి ఎనిమిది. ఇంటిపేరు మారింది, మనిషి అదే" అన్నాడు. కిందనున్న పట్టిక వైపు చూడలేదు. ఇరవయ్యారేళ్ల అనుభవం ఉన్నవాడు పట్టికలు చదవడమేమిటి?

ఒకటో తారీఖు ఉదయం ఇంటి నుంచి చిన్న డబ్బాలో నల్ల రంగు, ఒక సన్నకుంచె తెచ్చుకున్నాడు. కిటికీ పక్కన గోడమీదున్న పెద్ద టైమ్‌టేబుల్ పలకలో కెరటం ఎక్స్‌ప్రెస్ దగ్గర రెండు ఏడులు చెరిపి రెండు ఎనిమిదులు దిద్దాడు. మిగతాది ముట్టుకోలేదు. 18873, డౌన్, సముద్రానికి. 18874, అప్, హెడ్డాఫీసుకు. రెండడుగులు వెనక్కేసి చూసుకుని, తన చేతిరాతకు తనే మురిసిపోయాడు.

ఆ రోజు ఆయనకు మామూలు రోజు కాదు. ఒక్కగానొక్క కూతురికి రైల్వేలో ఉద్యోగం వచ్చింది. అసిస్టెంట్ స్టేషన్ మాస్టరు. తండ్రి కిటికీ దాటి పైకి పోలేదు, కూతురు ఏకంగా జెండా పట్టబోతోంది. సాయంత్రం ఐదింటిలోగా సముద్రం ఒడ్డునున్న ట్రైనింగ్ స్కూల్లో హాజరు కావాలి. కాకపోతే సీటు వెయిటింగ్ లిస్టులో తర్వాతివాళ్లకి పోతుందని కాగితంలో స్పష్టంగా రాశారు. ఆ కాగితం కూడా ఇంటికి చేరింది నిన్ననే. రిజర్వేషన్ దొరకలేదు, పొద్దున్నే జనరల్ టికెట్టు కొన్నారు. జనరల్ టికెట్టు మీద బండి నంబరు ఉండదు, ఊళ్ల పేర్లే ఉంటాయి. ఐదింటిలోగా అక్కడికి చేర్చే బండి ఒక్కటే, కెరటం. అది తప్పితే తర్వాతది రాత్రికి.

"నువ్వు నిశ్చింతగా ఉండు తల్లీ. డెబ్భై మూడు ఎక్కు, అంతే. మిగతాది నంబరే చూసుకుంటుంది," అని కూతురితో చెప్పి డ్యూటీకొచ్చాడు.

ఆ జంక్షన్‌లో కెరటం ఎక్స్‌ప్రెస్‌కు ఒక తమాషా ఉంది. పోయేదీ వచ్చేదీ రెండూ అక్కడే, ఉదయం పదిన్నర ప్రాంతంలో, ఎదురెదురు ప్లాట్‌ఫామ్‌ల మీద కలుసుకుంటాయి. రంగు ఒకటే, బోగీలు ఒకటే. బోగీ పక్కన తగిలించిన పలక మీద రెండు ఊళ్ల పేర్లూ రెండు నంబర్లూ కలిపే ఉంటాయి. పేరుని చూసి అది ఎక్స్‌ప్రెస్ అని తెలుస్తుంది, సముద్రంతో చుట్టరికం ఉందని తెలుస్తుంది. ఎటు పోతుందో తెలియదు. కెరటం పోతుంది, కెరటం వస్తుంది, పేరు రెండింటికీ ఒకటే కదా. దిక్కు చెప్పేది చివరి అంకె ఒక్కటే. అందుకే ఐదంకెలకు ఆ బండంటే ప్రాణం.

దానికి తోడు ఆ రోజు ప్లాట్‌ఫామ్ మీద ఎర్ర అక్షరాల బోర్డులు కూడా మూగబోయాయి. కొత్త నంబర్లు మధ్యాహ్నానికి కానీ వాటిలోకి ఎక్కించరట. మైకు ఒక్కటే దిక్కు. మైకు ఉన్నది ఐదంకెల చేతిలో.

పది గంటలకు గొడుగు పట్టుకున్న ఒక పెద్దమనిషి కిటికీ దగ్గరికొచ్చాడు.

"అయ్యా, సముద్రానికి పోవాలి. నా టికెట్టు మీద 18874 అని ఉంది. మీ గోడ మీద అది హెడ్డాఫీసుకు పోతుందని రాశారే?"

ఐదంకెలు టికెట్టు అందుకుని, అటూ ఇటూ తిప్పి, జాలిగా నవ్వాడు. "అచ్చు తప్పండీ. కంప్యూటర్లకి కొత్త నంబర్లు ఇంకా వంటబట్టలేదు. మీరు డెబ్భై మూడు ఎక్కండి."

"కంప్యూటరుకు తెలియనిది మీకు తెలుసా?"

"కంప్యూటర్ నిన్నగాక మొన్నొచ్చింది. నేను ఇరవయ్యారేళ్లుగా ఇక్కడే ఉన్నాను."

గొడుగు పెద్దమనిషి టికెట్టు మడిచి జేబులో పెట్టుకుని ప్లాట్‌ఫామ్ వైపు నడిచాడు.

పది ఇరవైకి స్టేషన్ మాస్టరు గది నుంచి ఫోను మోగింది. "డెబ్భై మూడు ఒకటో ప్లాట్‌ఫామ్. డెబ్భై నాలుగు రెండు." ఆయన పక్కన ఇంకో రెండు ఫోన్లు మోగుతున్నాయి, అంతకుమించి ఒక్క మాట చెప్పే తీరిక లేదు. అంతకుమించి ఐదంకెలకు అవసరమూ లేదు. గొంతు సవరించుకుని మైకు నొక్కాడు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. బండి నంబరు ఒకటి ఎనిమిది ఎనిమిది ఏడు మూడు, సముద్రం వైపు వెళ్లవలసిన కెరటం ఎక్స్‌ప్రెస్, ఒకటో నంబరు ప్లాట్‌ఫామ్ మీద సిద్ధంగా ఉన్నది."

సముద్రానికి పోయే జనమంతా ఒకటో ప్లాట్‌ఫామ్ మీదికి వరదలా కదిలారు. ఎంక్వైరీ గదికి కిటికీ ఉన్నది రోడ్డు వైపు. రైళ్ల గురించి ఊరందరికీ చెప్పే మనిషి కూర్చున్న చోటు నుంచి ఒక్క రైలూ కనపడదు. అది ఆయనకు లోటుగా ఎప్పుడూ అనిపించలేదు. నంబరు తెలిశాక బండిని చూడటమెందుకు?

రెండు నిమిషాల్లో కూతురు ఫోను చేసింది.

"నాన్నా, ఒకటో ప్లాట్‌ఫామ్‌కి వచ్చాం. కానీ ఇంజిన్ అటు ఉందేంటి? హెడ్డాఫీసు వైపు?"

"జంక్షన్ అన్నాక ఇంజిన్లు మారుస్తూ ఉంటారు తల్లీ. అటుది తీసి ఇటు కడతారు."

"ఇక్కడ ఎవరూ ఇంజిన్ విప్పట్లేదు నాన్నా. అమ్మ కూడా అంటోంది..."

వెనక నుంచి భార్య గొంతు వినిపించింది. "ఏమండీ, ఎద్దు ముఖం ఎటుంటే బండి అటే పోతుందండీ!"

"ఎద్దుల బండికైతే ఎద్దును చూడాలి. రైలుబండికి నంబరు చూడాలి. ఎక్కండి ముందు, సీట్లు అయిపోతాయి."

"సరే నాన్నా, నువ్వు చెప్పావు కదా," అని పెట్టేసింది. ఆ మాటకు ఐదంకెల గుండె నిండిపోయింది. ఇంకో ఐదు నిమిషాల్లో అదే మాట గుండెలో ముల్లు అవుతుందని అప్పటికి తెలియదు పాపం.

పది ఇరవైయారుకు తలుపు తోసుకుని బావమరిది లోపలికొచ్చాడు. బావమరిది అంటే భార్య తమ్ముడే, అదే స్టేషన్లో పార్శిల్ ఆఫీసు గుమాస్తా. చొక్కా అంతా తడి, ఒంటినుంచి చేపల వాసన. ఇద్దరికీ పొద్దున లేస్తే కయ్యం, పొద్దుపోతే వియ్యం.

"బావా! ఏం అరుస్తున్నావు మైకులో? నీ మాట విని మా హమాలీలు డెబ్భై మూడులోంచి చేపల పెట్టెలన్నీ దించేస్తున్నారు!"

"దించితే దించనీ. నాకు చేపలతో ఏం పని?"

"ఆ పెట్టెలు సముద్రం దగ్గర ఎక్కించినవి. హెడ్డాఫీసుకు పోవాలి. బండి సముద్రానికే పోతోందని నువ్వు చెప్పేసరికి, పొరపాటున ఎక్కించారనుకుని దించుతున్నారు."

"పొరపాటే అయ్యుంటుంది."

బావమరిది నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "బావా, నువ్వు పెద్దవాడివి. ఒక్క మాట చెప్పు. సముద్రానికి చేపలు పంపేవాడు ఎవడైనా ఉంటాడా?"

ఐదంకెలు నోరు తెరిచాడు. ఏదో ఒక అంకె చెబుదామనుకున్నాడు. ఏ అంకె దగ్గరా ఈ ప్రశ్నకు జవాబు లేదు. చేపలకు నంబర్లు లేవు, అవి ఎక్కడ పుట్టాయో అక్కడి నుంచే వస్తాయి. ఆ చేపలున్న బండీ అక్కడి నుంచే వచ్చింది.

సొరుగు లాగి, నెల కిందటి కాగితం తీశాడు. ఈసారి పట్టిక చదివాడు. అందులో స్పష్టంగా ఉంది. పాత 17873, కొత్తగా 18874. పాత 17874, కొత్తగా 18873. చిన్నపిల్లాడికైనా కనపడేటంత పెద్ద అక్షరాలు.

సంగతి అప్పటికి తలకెక్కింది. బండి తన ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు బేసి, ఇంటికి తిరిగొచ్చేటప్పుడు సరి. బేసి అంటే డౌన్ అని ఇన్నాళ్లూ చెల్లిందంటే, ఈ లైన్లో తిరిగే దూరపు బండ్లన్నీ మనింటివే కాబట్టి. మన హెడ్డాఫీసు దగ్గర బయల్దేరేవి కాబట్టి. ఇప్పుడు కెరటానికి ఇల్లు సముద్రం దగ్గర. డెబ్భై మూడు అక్కడ బయల్దేరి మన హెడ్డాఫీసు వైపు పోతుంది. నంబరేమో బేసి, ఈ పట్టాల మీద పోయేదేమో అప్. ఇంటిపేరు మారితే మనిషి మారడు, నిజమే. ఇల్లు మారితే మాత్రం ఎటు పోతే పుట్టిల్లో, ఎటు పోతే అత్తిల్లో తలకిందులైపోతుంది.

రెండో అంకె చూడకుండా చివరి అంకె చదివాడు. తాను ఊరందరికీ చెప్పే పాఠం తానే సగం మర్చిపోయాడు.

"పిల్ల ఏ బండిలో ఉంది బావా?" అన్నాడు బావమరిది. ఆ గొంతులో వేళాకోళం పోయింది.

ఐదంకెలు కూతురికి ఫోను చేశాడు. ఎంగేజ్. భార్యకు చేశాడు. ఆమె ఫోను ఎప్పటిలాగే ఇంట్లో వంటగది గట్టు మీద మోగుతూ ఉండి ఉంటుంది. గడియారం పది ఇరవైయెనిమిది చూపిస్తోంది. డెబ్భై మూడు పదిన్నరకు కదులుతుంది. డెబ్భై నాలుగు పది ముప్ఫై అయిదుకు.

మిగిలింది మైకు. ఇరవయ్యారేళ్లుగా ఆ మైకులో ఆలస్యానికి చింతించాడు, అసౌకర్యానికి విచారించాడు. అవన్నీ రైళ్లు చేసిన తప్పులు. తన తప్పు ఒక్కటీ అందులో చెప్పలేదు. ఇప్పుడు చెబితే ప్లాట్‌ఫామ్‌ల మీదున్న జనమంతా వింటారు, స్టేషన్ మాస్టరు వింటాడు, టీ కొట్టువాడు వింటాడు, పైగా పక్కనే బావమరిది నిలబడి ఉన్నాడు. ఐదంకెలు అన్న పేరు మళ్లీ ఎప్పటికీ గౌరవంగా వినపడదు. చెప్పకపోతే కూతురు హెడ్డాఫీసు దగ్గర దిగుతుంది. పరువు ఒక పక్కన, పిల్ల ఒక పక్కన. ఇంత తేలికైన లెక్క ఆయన జీవితంలో చేయలేదు.

"ప్రయాణికులకు... అందరికీ చెబుతున్నాను. వినండి. నేను తప్పు చెప్పాను. తప్పు నాదే, కంప్యూటరుది కాదు. ఒకటో ప్లాట్‌ఫామ్ మీదున్న డెబ్భై మూడు సముద్రానికి పోదు, హెడ్డాఫీసుకు పోతుంది. సముద్రానికి పోయేవాళ్లు దిగి రెండో ప్లాట్‌ఫామ్ మీదున్న డెబ్భై నాలుగు ఎక్కండి. బండి ఎవరిదో చూడకుండా నంబరు ఎటు పోతుందో చెప్పకూడదు. నేను చూడలేదు. తల్లీ, దిగమ్మా! వెంటనే దిగు! అమ్మ చెప్పిందే నిజం, ఇంజిన్ ఎటుంటే అటే పోతుంది!"

మైకు ఆపకుండానే పరుగు తీశాడు. అందువల్ల ఆయన వెనకనే బావమరిది నవ్వూ, కుర్చీ పడిపోయిన చప్పుడూ కూడా స్టేషనంతా విన్నది.

ప్లాట్‌ఫామ్ మీద దృశ్యం చెప్పతరం కాదు. డెబ్భై మూడులోంచి సగం జనం దిగుతున్నారు, డెబ్భై నాలుగులోంచి సగం జనం దిగుతున్నారు. అందరూ కలిసి ఒకే పాదచారి వంతెన ఎక్కారు. ఎక్కేవాళ్లు దిగేవాళ్లను తిడుతున్నారు, దిగేవాళ్లు ఎక్కేవాళ్లను తిడుతున్నారు, ఇద్దరూ కలిసి మైకును తిడుతున్నారు. ఈ గొడవ చూసిన గార్డు, మెట్ల మీద జనం తగ్గేదాకా జెండా ఊపలేదు. హమాలీలు చేపల పెట్టెలు మళ్లీ పైకెత్తుతూ, "ఈ చేపలు బతికుంటే ఈపాటికి నడిచే పోయేవి" అని గొణుక్కుంటున్నారు.

వంతెన మధ్యలో దొరికారు తల్లీకూతుళ్లు. ట్రంకుపెట్టెకు ఒక కొస కూతురి చేతిలో, ఇంకో కొస భార్య చేతిలో. ఐదంకెలు భార్య చేతిలోంచి అందుకున్నాడు. ముగ్గురూ రెండో ప్లాట్‌ఫామ్ వైపు మెట్లు దిగారు. డెబ్భై నాలుగులో, మెట్లకు ఎదురుగా ఉన్న బోగీలోనే, కిటికీ పక్కన ఒక సీటు మీద రుమాలు పరిచి ఉంది. ఎదుటి సీట్లో గొడుగు పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు.

"రండమ్మా. మైకులో తల్లీ అని పిలిచారు కదా, ఎవరో ఆడపిల్ల పరిగెత్తి వస్తుందనుకుని టీసీకి చెప్పి ఉంచాను," అని రుమాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. తరవాత ఐదంకెల వైపు చూసి, "నా టికెట్టులో అచ్చు తప్పేమీ లేదనుకుంటాను?" అన్నాడు.

"లేదండీ. అచ్చు బాగానే ఉంది. చదవడమే తప్పు."

కూతురు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టింది. ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"నీకు ముందే తెలుసా తల్లీ, అది కాదని?" అన్నాడు.

"అనుమానం వచ్చింది నాన్నా. ఇంజిన్ కళ్లముందే ఉంది కదా."

"మరి ఎందుకెక్కావు?"

"నువ్వు చెప్పావని."

బండి కదిలింది. ఆయన కళ్లు తుడుచుకోవడం భార్య చూసింది, చూడనట్టు ఇంజిన్ వైపు తిరిగింది. "ముఖం సముద్రం వైపే ఉంది. ఈసారి డౌన్ అంటే నాకేం కోపం లేదు," అంది.

మధ్యాహ్నం స్టేషన్ మాస్టరు పిలిచి మందలించాడు. సంజాయిషీ రాసివ్వమన్నాడు. ఐదంకెలు నాలుగు పేజీలు రాస్తాడని భయపడ్డాడు కాబోలు, సగం కాగితమే ఇచ్చాడు. రెండు వాక్యాల్లో సరిపోయింది.

సాయంత్రం ఐదున్నరకు ఎంక్వైరీ గదిలో ఫోను మోగింది. నాలుగుంపావుకే చేరానని, సంతకం పెట్టానని, మంచం కూడా ఇచ్చారని కూతురు గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "రాగానే అందరినీ కూర్చోబెట్టి మాస్టారు ఒక ప్రశ్న అడిగారు నాన్నా. చివర బేసి అంకె ఉంటే బండి అప్పా, డౌనా అని. అందరూ డౌన్ అన్నారు. నేనొక్కదాన్నే, ముందు బండి ఎవరిదో చెప్పండి, తర్వాత ఎటో చెబుతానన్నాను. ఆయన చాలా మెచ్చుకున్నారు. ఎవరు నేర్పారమ్మా అని అడిగారు."

"ఏం చెప్పావు?" అన్నాడు ఐదంకెలు.

"మా నాన్న అన్నాను. ఎప్పుడు నేర్పారని అడిగారు. ఇవాళ పొద్దున, మైకులో అన్నాను."

ఐదంకెలు ఫోను పెట్టేసి, పొద్దుటి రంగు డబ్బా మూత తీసి, గోడ మీది పలక ముందు నిలబడ్డాడు. కిటికీ దగ్గర ఎవరో కెరటం ఎక్స్‌ప్రెస్ గురించి అడుగుతున్నారు. ఒక్క నిమిషం ఉండండి, చూసి చెబుతానన్నాడు.